ఇంట్లో అనారోగ్యం, దగ్గర పడిన జీఎస్‌టీ గడువు: పాత క్లయింట్‌కు రాసే లేఖ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంటరిగానో ఒకరిద్దరు సహాయకులతోనో ఆఫీసు నడిపే జీఎస్‌టీ ప్రాక్టీషనర్లు, అకౌంటెంట్ల కోసం ఈ పేజీ. ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో ఉన్నారు, నెల రిటర్నుల తేదీలు ముంచుకొస్తున్నాయి, ఎన్నో ఏళ్లుగా మిమ్మల్ని నమ్ముకున్న వ్యాపారికి విషయం చెప్పాలి. ఏం రాయాలి, ఏ దారులు చూపాలి, ఏ మాట ఇవ్వకూడదు అన్నవే ఇక్కడి ప్రశ్నలు. నెలనెలా రిటర్న్ వేసే ప్రొప్రైటర్ షాపును ఉదాహరణగా తీసుకున్నాం. మూడు నెలలకోసారి వేసేవాళ్ల సంగతి చివర్లో ఉంది.

ముందు ఫోన్ చేయాలా, లేఖ రాయాలా?

రెండూ చేయాలి, ఫోన్ ముందు. పదేళ్ల పరిచయం ఉన్న మనిషికి ఇలాంటి కబురు మొదట కాగితం మీద కనిపిస్తే నొచ్చుకుంటాడు. ఫోన్‌లో రెండు నిమిషాలు చాలు: ఇంట్లో పరిస్థితి ఇది, ఈ నెల రిటర్నుల గురించి వివరంగా రాసి పంపుతున్నాను, చూసి చెప్పండి. అంతకు మించి ఫోన్‌లోనే అన్నీ తేల్చుకోవాలని చూడకండి. ఆసుపత్రి వరండాలో నిలబడి చెప్పిన తేదీలు ఇద్దరికీ సరిగ్గా గుర్తుండవు. పైగా షాపులో బేరాల మధ్య ఆయన "అలాగే అండి, మీరు చూసుకోండి" అనేస్తారు. ఆ మాటకు ఆయన ఒక అర్థం అనుకుంటారు, మీరు ఇంకొకటి అనుకుంటారు. అందుకే అదే రోజు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో లేఖ వెళ్లాలి.

ఎప్పుడు పంపాలి?

గడువులోపు పని నా చేత కాకపోవచ్చు అని అనుమానం వచ్చిన రోజే పంపాలి. నెలవారీ క్లయింట్‌కు జీఎస్‌టీఆర్-1 తర్వాతి నెల 11కి, జీఎస్‌టీఆర్-3బీ 20కి వేయాలి. 6న కబురు అందితే ఆయనకు ఐదు రోజులుంటాయి. బిల్లులు సర్దుకోవచ్చు, ఇంకొకరిని చూసుకోవచ్చు. 10న చెబితే ఆయనకు మిగిలేది కోపం ఒక్కటే. "రేపటికి కుదురుతుందేమో" అని రెండు రోజులు ఆగడమే ఇక్కడ మామూలుగా జరిగే తప్పు.

అనారోగ్యం గురించి ఎంతవరకు చెప్పాలి?

ఒక వాక్యం చాలు. ఎవరికి, ఎప్పటి నుంచి, దాని వల్ల మీరు పనికి ఎంత దూరమయ్యారు. "నాన్నగారికి 5వ తేదీ రాత్రి పక్షవాతం వచ్చింది, ఆసుపత్రిలో పక్కన నేనే ఉండాలి" అంటే ఆయనకు కావలసినంతా తెలిసినట్లే. స్కానింగ్ రిపోర్టులు, ఐసీయూ ఫొటోలు పంపకండి. అవి చూశాక ఆయన తన పని గురించి అడగడానికే మొహమాటపడతారు, అడగనందువల్ల గడువు జారిపోతుంది. రోగి ఇంటి విషయం బయటికి పొక్కడం ఇష్టపడని మనిషైతే జబ్బు పేరు అసలు అక్కర్లేదు, "ఇంట్లో ఒకరికి ఆరోగ్యం బాగాలేదు, ఆసుపత్రిలో ఉన్నాం" అంటే సరిపోతుంది.

ఏది ఆలస్యమైతే ఏమవుతుంది? దారులు దేన్ని బట్టి ఆలోచించాలి?

లేఖ రాసే ముందు ఇది తేల్చుకోవాలి. చాలామంది రెండు రిటర్నులనూ ఒకే గాటన కట్టి "ఒక వారం ఆలస్యమవుతుంది" అని రాసేస్తారు. ఆ రెంటి ఆలస్యం ఒకటి కాదు.

3బీ ఆలస్యమైతే నష్టం మీ క్లయింట్ జేబుకే, అదీ లెక్క కట్టి చెప్పగలిగినంత. అమ్మకాలు ఉన్న రిటర్న్‌కు రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, నగదుగా కట్టాల్సిన పన్ను మీద సాలుకు 18 శాతం వడ్డీ. ఉదాహరణకు నగదుగా కట్టాల్సింది 84,000 అనుకోండి, ఆరు రోజులు ఆలస్యమైంది. వడ్డీ దాదాపు 249, రుసుము 300, మొత్తం 549 రూపాయలు.

జీఎస్‌టీఆర్-1 ఆలస్యం అలా కాదు. అది 11 దాటితే అందులోని బిల్లులు ఆ నెల జీఎస్‌టీఆర్-2బీలో కొన్నవాళ్లకు కనిపించవు. 2బీ 14న తయారవుతుంది, అందులో లేని బిల్లు మీద కొన్నవాళ్లు ఆ నెల క్రెడిట్ తీసుకోలేరు, తర్వాతి నెల దాకా ఆగాలి. అంటే మీ ఇంట్లో వచ్చిన కష్టానికి మీ క్లయింట్ దగ్గర సరుకు కొన్న అరవై షాపుల వాళ్లు ఈ నెల జేబులోంచి ఎక్కువ పన్ను కట్టాల్సి వస్తుంది. వాళ్లు ఫోన్ చేసేది మీకు కాదు, మీ క్లయింట్‌కు. కొందరు ఆ పన్ను మేరకు పేమెంట్ ఆపేస్తారు. హోల్‌సేల్ వ్యాపారికి 549 రూపాయలు లెక్క కాదు, ఈ ఫోన్లు మాత్రం లెక్కే.

కాబట్టి దారులన్నీ ఒకే మాట మీద నిలవాలి: జీఎస్‌టీఆర్-1 ఎవరి చేత్తోనైనా సరే 11లోపు పడాలి. సర్దుబాటు ఏదైనా ఉంటే 3బీలోనే. పైగా జీఎస్‌టీఆర్-1 పడకుండా 3బీ వేయడానికి పోర్టల్ ఒప్పుకోదు.

ఒకవేళ మీ క్లయింట్ అమ్మేది అంతా నేరుగా వాడుకునేవాళ్లకే అయితే, కిరాణా షాపు లాంటిదైతే, క్రెడిట్ కోసం ఎదురుచూసేవాళ్లు ఉండరు. అప్పుడు ఇంత కంగారు అక్కర్లేదు. ఎవరికి ముందు రాయాలో తేల్చుకోవడానికి కూడా ఇదే కొలబద్ద: క్లయింట్లందరికీ ఒకేసారి చెప్పలేకపోతే హోల్‌సేలర్లకు, తయారీదారులకు ముందు చెప్పండి.

లేఖ నమూనా చూపగలరా?

ఇది విజయవాడలో హార్డ్‌వేర్ హోల్‌సేల్ షాపుకు, నవంబర్ నెల రిటర్నుల గురించి, డిసెంబర్ 6న రాసినట్లు తయారుచేశాం. నెలకు 180 బిల్లుల దాకా ఉండే వ్యాపారం.

> …… గారికి నమస్కారం.
>
> పొద్దున ఫోన్‌లో చెప్పినట్లు, నాన్నగారికి నిన్న రాత్రి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చాం. కనీసం పది రోజులు నేను పక్కనే ఉండాలి, ఆఫీసుకు రాలేను. రాత్రి 9 తర్వాత గంటసేపు ఫోన్‌లో అందుబాటులో ఉంటాను.
>
> మీ నవంబర్ అమ్మకం బిల్లుల్లో 25వ తేదీ దాకా నా దగ్గర ఎక్కించి ఉన్నాయి. 26 నుంచి 30 వరకు అమ్మకం బిల్లులు, నెల మొత్తం కొనుగోలు బిల్లులు ఇంకా రావాలి. అక్టోబర్ దాకా రిటర్నులన్నీ పడ్డాయి, ఏదీ బాకీ లేదు.
>
> జీఎస్‌టీఆర్-1 డిసెంబర్ 11లోపు పడకపోతే మీ దగ్గర కొన్న షాపులవాళ్లకు ఈ నెల క్రెడిట్ రాదు. అందుకని దాన్ని ఆపకుండా మూడు దారులు ఆలోచించాను.
>
> మొదటిది: జీఎస్‌టీఆర్-1ని నాకు తెలిసిన ప్రాక్టీషనర్ ఒకరు 10న వేస్తారు. 3బీ నేనే వేస్తాను. 20కి వేయాలని చూస్తాను, కుదరకపోతే 26 దాటదు. పన్ను సొమ్ము మాత్రం మీరు 18న చలానాగా కట్టేయండి, అప్పుడు వడ్డీ పడదు. రోజుకు 50 చొప్పున రుసుము పడితే నా ఫీజులో తగ్గించుకోండి.
>
> రెండోది: ఈ నెలకు రెండు రిటర్నులూ ఆయనే గడువులోపు వేస్తారు. ఆయన ఫీజు నేను ఇచ్చుకుంటాను, మీకు అదనంగా ఏమీ పడదు. కాకపోతే మీ కొనుగోళ్ల క్రెడిట్ లెక్క ఆయనకు కొత్త. సందేహం ఉన్న బిల్లుల క్రెడిట్ ఈ నెల తీసుకోకుండా పక్కన పెట్టమంటాను, అవి వచ్చే నెల నేను చూస్తాను.
>
> మూడోది: జీఎస్‌టీఆర్-1 మీ షాపు అకౌంటెంట్ టాలీ నుంచి తయారుచేస్తారు. 9 రాత్రి నేను ఫోన్‌లో చూసి సరే అన్నాక 10న మీరు ఓటీపీతో వేస్తారు. 3బీ మొదటి దారిలో లాగే.
>
> నా సలహా మొదటిది. బ్యాంకు లిమిట్ రెన్యువల్ గానీ టెండర్ గానీ దగ్గర్లో ఉంటే మాత్రం రెండోదే మంచిది, 3బీ ఒక్క రోజు కూడా ఆలస్యం కాకూడదు.
>
> 8వ తేదీ సాయంత్రంలోపు ఏ దారో ఒక్క మాట రాయండి. మీరు సరే అనకుండా మీ లెక్కలు ఎవరికీ ఇవ్వను. అప్పటికి రాయలేకపోతే నేనే 8 రాత్రి ఫోన్ చేస్తాను. ఏ దారి అయినా 26–30 తేదీల బిల్లులు 8లోపు పంపండి.
>
> ఈ సమయంలో మీకు ఇబ్బంది కలిగిస్తున్నందుకు క్షమించండి.
>
> ఇట్లు,
> ……

లేఖలో "పని ఎంతవరకు వచ్చింది" అన్న పేరా ఎందుకు?

అది లేకపోతే మిగతావేవీ పనిచేయవు. కొత్తగా చేతిలోకి తీసుకునే మనిషికి మొదటి ప్రశ్న అదే. క్లయింట్‌కు అసలు భయం కూడా అదే: పాత నెలలు ఏమైనా బాకీ ఉన్నాయా అని. నిజంగా బాకీ ఉంటే ఇక్కడే చెప్పేయండి. పోర్టల్‌లో ఎవరైనా ఆయన జీఎస్‌టీ నంబర్ కొట్టి చూస్తే ఏ రిటర్న్ ఏ తేదీన పడిందో కనిపిస్తుంది. మీ బదులు వచ్చిన ప్రాక్టీషనర్ ఆ పట్టిక చూసి చెప్పడం కంటే మీ నోట వినడం నయం.

ముందే చలానా కడితే వడ్డీ నిజంగానే పడదా?

పడదు, రెండు షరతుల మీద. 2024 జూలైలో మారిన నిబంధన ప్రకారం, గడువు తేదీనో అంతకు ముందో నగదు లెడ్జర్‌లో వేసిన సొమ్ము, రిటర్న్ వేసే రోజుదాకా అక్కడే కదలకుండా ఉండి ఆ పన్నుకే వాడితే, ఆ మేరకు వడ్డీ లెక్కించరు. రోజువారీ ఆలస్య రుసుముకు ఈ మినహాయింపు లేదు, అది పడుతుంది.

ఎంత కట్టాలన్నది ఆసుపత్రిలో కూర్చుని తేల్చడం కష్టమే. గడిచిన రెండు మూడు నెలల్లో నగదుగా కట్టినది చూసి, కొంచెం ఎక్కువే కట్టమని చెప్పండి. మిగిలింది లెడ్జర్‌లోనే ఉంటుంది, తర్వాతి నెల వాడుకోవచ్చు. తక్కువ పడితే ఆ తక్కువ మేరకే వడ్డీ. పోర్టల్‌లో `Services > Payments > Create Challan` దగ్గర సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ, ఐజీఎస్‌టీ గడులు వేరువేరుగా ఉంటాయి. షాపు యజమాని స్వయంగా కడుతున్నప్పుడు మొత్తం ఒకే గడిలో వేసేయడం తరచూ జరిగే పొరపాటు. దాన్ని పీఎంటీ-09తో ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు మార్చుకోవచ్చు, సొమ్ము పోదు. అయినా అడక్కుండానే ఏ గడిలో ఎంతో అంకెలు రాసి పంపితే ఆ పని తప్పుతుంది.

ఆలస్య రుసుము నేను భరిస్తానన్నాను. ఎలా కట్టాలి?

మీరు నేరుగా కట్టేది కాదు. అది ఆయన నగదు లెడ్జర్ నుంచే పోతుంది, క్రెడిట్‌తో సర్దుకోవడం కుదరదు. ఇంకో సంగతి: నవంబర్ 3బీ ఆలస్యానికి పడిన రుసుము డిసెంబర్ 3బీలో, అంటే జనవరిలో వేసే దాంట్లో కనిపిస్తుంది. అప్పటికి ఈ గొడవంతా మరిచిపోయిన క్లయింట్ "ఈ 300 ఏమిటండీ?" అని అడుగుతాడు. అందుకే లేఖలోనే మాట ఇచ్చి, జనవరి బిల్లులో ఆ మొత్తం తగ్గించి ఒక వరుస రాయండి.

రుసుముకు గరిష్ఠ పరిమితి కూడా ఉంది. ముందటి ఏడాది టర్నోవర్ కోటిన్నర లోపుంటే ఒక రిటర్న్‌కు 2,000, ఐదు కోట్ల లోపుంటే 5,000, ఆపైన 10,000. మీరు తలకెత్తుకునే భారం ఎంతదాకా వెళ్లగలదో తెలిశాకే మాట ఇవ్వండి.

ఎన్ని దారులు చూపాలి?

రెండో మూడో. అందులో మీరు ఏది మేలంటున్నారో తప్పకుండా చెప్పాలి. "మీ ఇష్టం" అని వదిలేస్తే, జీఎస్‌టీ సంగతి తెలియకే కదా మీ దగ్గరికి వచ్చింది అనుకుంటాడు ఆయన. అలాగని మీకు కుదరని దారిని మర్యాద కోసం చేర్చకండి. ఆయన సరిగ్గా దాన్నే ఎంచుకోవచ్చు.

జవాబు రాకపోతే?

లెక్కలు ఇంకొకరికి ఇచ్చే విషయంలో మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదు. ఒక వ్యాపారి ఎవరికి ఎంతకు అమ్ముతున్నాడో ఆ బిల్లుల్లో ఉంటుంది. మీ బదులు వచ్చే ప్రాక్టీషనర్ అదే వీధిలో ఆయన పోటీదారుకు కూడా లెక్కలు రాస్తూ ఉండవచ్చు. వీలైతే ఆ పేరు ముందే చెప్పి, అభ్యంతరం ఉందా అని అడగండి. జవాబు రాకపోతే మళ్లీ ఫోన్ చేయడమే మార్గం. లేఖలో చెప్పిన వేళకే చేయండి.

బదులు వచ్చినవాళ్లకు ఏమేం అప్పజెప్పాలి?

టాలీ బ్యాకప్, గత నెల వేసిన రెండు రిటర్నుల పీడీఎఫ్‌లు, రావాల్సిన బిల్లుల జాబితా. వీటితో పాటు ఒక పేజీ నోటు: ఏ పార్టీకి క్రెడిట్ నోటు రాయాల్సి ఉంది, ఏ బిల్లు గత నెల తప్పిపోయి ఈ నెల చూపాలి, ఏ కొనుగోలు మీద క్రెడిట్ తీసుకోకూడదు. ఈ సంగతులు సాఫ్ట్‌వేర్‌లో ఉండవు, మీ తలలోనే ఉంటాయి. పది నిమిషాలు వాయిస్ మెసేజ్‌గా చెప్పి పంపినా చాలు.

పోర్టల్ పాస్‌వర్డ్ మీరు ఇవ్వకండి, క్లయింట్‌నే ఇమ్మనండి. పని అయ్యాక మార్చుకోమని కూడా ఆయనకే చెప్పండి. ఆ వ్యక్తి నమోదైన ప్రాక్టీషనర్ అయితే `Services > User Services > Engage / Disengage GST Practitioner` దగ్గర ఆయన్ని చేర్చుకుని, నెల తిరిగాక తీసేయవచ్చు. ఓటీపీ వెళ్లేది అధీకృత సంతకందారు ఫోన్‌కు కాబట్టి 10న ఏ వేళకు ఫోన్ దగ్గర ఉండాలో ముందే అనుకోవాలి. అంతా సిద్ధమై, ఓటీపీ చూసేవాళ్లు లేక 11 రాత్రి దాటిపోయిన రిటర్నులు తక్కువేమీ కాదు.

బదులు వచ్చినవాళ్లు తప్పు చేస్తే సరిదిద్దుకోవచ్చా?

జీఎస్‌టీఆర్-1 పడిన తర్వాత, ఆ నెల 3బీ వేయకముందు, జీఎస్‌టీఆర్-1ఏతో సరిదిద్దవచ్చు. వదిలేసిన బిల్లు చేర్చవచ్చు, అంకె మార్చవచ్చు. మొదటి దారిలో 3బీ మీ చేతిలో ఉంచుకోవడానికి ఇదీ ఒక కారణం, ఆ లోపు ఒకసారి చూసుకునే వీలు దొరుకుతుంది. ఒక్క తప్పు మాత్రం 1ఏలో దిద్దడానికి వీలుండదు: కొన్నవారి జీఎస్‌టీ నంబర్. అది తర్వాతి నెల జీఎస్‌టీఆర్-1లోనే మార్చాలి, ఈలోగా అసలు కొన్నవాడికి క్రెడిట్ రాదు. కాబట్టి అప్పగించే నోటులో మొదటి వరుస ఇదే కావాలి: అంకెల కంటే ముందు నంబర్లు సరిచూడండి. కొత్త పార్టీలు, రెండు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ ఉన్న పార్టీలు అయితే మరీ జాగ్రత్త. తెలంగాణ నంబర్ 36తో, ఆంధ్రప్రదేశ్ నంబర్ 37తో మొదలవుతుంది. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ బ్రాంచీలున్న పార్టీ బిల్లు ఒకదానికి బదులు ఇంకోదాని మీద పడటం చూస్తూనే ఉంటాం.

ఏడాది టర్నోవర్ ఐదు కోట్లు దాటి ఈ-ఇన్వాయిస్ తీసే షాపులకు ఈ బెంగ చాలావరకు తగ్గుతుంది. ఆ బిల్లులు జీఎస్‌టీఆర్-1లోకి వాటంతటవే వస్తాయి.

చెప్పిన 26 కూడా దాటేలా ఉంది. ఏం చేయాలి?

25నే రెండో కబురు పంపండి. ఈసారి పొడుగు లేఖ అక్కర్లేదు, కొత్త తేదీ కూడా మీరు ఇవ్వకండి. డిశ్చార్జి ఎప్పుడో డాక్టరే చెప్పలేనప్పుడు దానికి ముడిపెట్టిన తేదీ మళ్లీ తప్పుతుంది, రెండోసారి తప్పిన మాటను పాత స్నేహం కూడా మోయలేదు. నేరుగా రెండో దారికి మారండి: "3బీ కూడా ఆయనకే ఇస్తున్నాను, మీరు సరే అంటే 27న పడుతుంది."

దీనికి గట్టి హద్దు ఒకటుంది. నవంబర్ 3బీ పడకపోతే డిసెంబర్ జీఎస్‌టీఆర్-1 వేయనివ్వరు. అంటే జనవరి 11 వచ్చేసరికి షాపులవాళ్ల క్రెడిట్ సమస్య మళ్లీ మొదటికి వస్తుంది. వరుసగా రెండు నెలల 3బీలు ఆగితే ఈ-వే బిల్లులు తీయడం కూడా ఆగిపోతుంది, లారీలో సరుకు కదలదు. అక్కడిదాకా ఏ కారణంతోనూ తీసుకెళ్లకూడదు.

గడువు అప్పటికే దాటిపోయింది, లేఖ ఇప్పుడు రాస్తున్నాను. మార్చాల్సింది ఏమిటి?

మొదటి పేరాలోనే ఆ మాట చెప్పండి: "మీ జీఎస్‌టీఆర్-1 11న పడలేదు, 13న వేశాను." తర్వాత ఆయన తన పార్టీలకు ముందుగా పంపుకోవడానికి రెండు వాక్యాలు మీరే రాసివ్వండి: "నవంబర్ బిల్లులు మా వైపు ఆలస్యంగా పడ్డాయి, మీకు వచ్చే నెల 2బీలో కనిపిస్తాయి, క్రెడిట్ ఎక్కడికీ పోదు." పార్టీలు ఫోన్ చేయకముందే ఆ కబురు వెళ్లడం ముఖ్యం.

మూడు నెలలకోసారి రిటర్న్ వేసే క్లయింట్‌కు?

త్రైమాసికంలో మొదటి రెండు నెలల లెక్కలైతే ఊపిరి తీసుకునే వీలుంది. కొన్నవాళ్ల క్రెడిట్ కోసం ఐఎఫ్ఎఫ్‌లో బిల్లులు తర్వాతి నెల 13లోపు ఎక్కించవచ్చు, అది తప్పనిసరి కాదు. పన్ను మాత్రం 25లోపు పీఎంటీ-06 చలానాగా కట్టాలి. ఆ చలానాను క్లయింట్ స్వయంగా కట్టగలరు. త్రైమాసికం ముగిశాక వచ్చే నెలలో జీఎస్‌టీఆర్-1 13కి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 3బీ 22కి వేయాలి. లేఖ ఇదే, తేదీలు మార్చుకోండి.

కష్టం గట్టెక్కాక మళ్లీ రాయాలా?

రాయాలి. ఏ రిటర్న్ ఏ రోజు పడింది, రుసుము ఎంత, పక్కన పెట్టిన క్రెడిట్ బిల్లులు ఏవి, అవి ఏ నెలలో తీసుకుంటారు అన్నవి నాలుగు వరుసల్లో పంపండి. పాస్‌వర్డ్ మార్చారా, పోర్టల్‌లో ఆ ప్రాక్టీషనర్‌ను తీసేశారా అని అందులోనే అడగండి. ఆ రెండూ జరగకుండా నెలల తరబడి మిగిలిపోతుంటాయి.